విరేచనాల పిల్లలకు జింక్: కాక్రేన్ రివ్యూలో అసలేముంది?

"పి.హెచ్.సి.లో మెడికల్ ఆఫీసర్‌ని. విరేచనాలతో వచ్చే ప్రతి పిల్లవాడికీ ఓ.ఆర్.ఎస్.తో పాటు జింక్ రాస్తున్నాం. ఆరు నెలల లోపు పిల్లలకు అది పనిచేయదని కాక్రేన్ రివ్యూలో ఉందట, ఒక సీనియర్ చెప్పారు. పేపర్ మొత్తం చదివే తీరిక లేదు సర్. అందులో అసలేముంది, ఓపీలో నేనేం మార్చుకోవాలి?"

డాక్టర్ గారూ, మీ సీనియర్ చెప్పింది నిజమే, కానీ అది సగమే. ఆరు నెలలు దాటిన పిల్లలకు, ముఖ్యంగా బక్కచిక్కి ఉన్నవాళ్లకు, జింక్ వల్ల విరేచనాలు కొంత తొందరగా తగ్గుతాయి. ఆరు నెలల లోపు వాళ్లలో ఆ లాభం కనబడలేదు. ఏ వయసు వాళ్లకైనా జింక్ వేస్తే వాంతులు కొంచెం పెరుగుతాయి. చావులు తగ్గుతాయా లేదా అన్నది ఈ రివ్యూ తేల్చలేకపోయింది. ఓపీలో మీరు జింక్ మానేయనక్కర్లేదు. ఎవరికి గట్టిగా చెప్పి వేయించాలో, ఎవరి విషయంలో పట్టుబట్టనక్కర్లేదో తెలిస్తే చాలు.

మీ సీనియర్ చెప్పింది 2016 డిసెంబరులో వచ్చిన రివ్యూ గురించి. లజ్జెరిని, వన్జీరా రాశారు. మొత్తం 33 ట్రయల్స్, 10,841 మంది పిల్లలు. ఆ ట్రయల్స్‌లో ఎక్కువ భాగం ఆసియాలో, జింక్ లోపం ఎక్కువగా ఉండే దేశాల్లో జరిగాయి. చాలా రివ్యూలు చదివేటప్పుడు "ఇది మన పిల్లలకు వర్తిస్తుందా" అన్న అనుమానం వస్తుంది. ఇక్కడ మాత్రం ఆ పిల్లలు మన పిల్లల్లాంటివాళ్లే. మన దేశంలో 2016-18లో చేసిన జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 19 శాతం మందికి జింక్ లోపం తేలింది.

ముందు ఎక్కువగా వినబడే అంకె చూద్దాం. ఆరు నెలలు దాటిన పిల్లల్లో తీవ్ర విరేచనాలు జింక్‌తో సగటున 11 గంటల ముందు ఆగాయి. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 3 గంటల నుంచి 20 గంటల దాకా ఉంది. 9 ట్రయల్స్, 2,581 మంది పిల్లలు. రచయితలు దీన్ని తక్కువ నమ్మకమున్న సాక్ష్యం అన్నారు. "తక్కువ నమ్మకం" అంటే మందు పనిచేయదని అర్థం కాదు. ఈ 11 అన్న అంకె రేపు ఇంకో మంచి ట్రయల్ వస్తే బాగా మారిపోవచ్చని అర్థం. కొన్ని ట్రయల్స్‌లో రోజుకు పైగా తేడా వచ్చింది, కొన్నింటిలో ఏమీ రాలేదు. వాటిని కలిపి తీసిన సగటు ఇది.

పూట తేడా పెద్ద విషయమా అనిపించవచ్చు. తల్లి లెక్కలో అయితే అది ఒక రాత్రి నిద్ర. కానీ ఆమెకు "మందు వేస్తే ఆగిపోతాయి" అని చెప్పి పంపితే, మర్నాడు పొద్దున విరేచనం కాగానే మందు పనిచేయలేదనుకుని మానేస్తుంది. చాలామంది పిల్లల్లో 14 రోజుల కోర్సు మూడో రోజుకే ఆగిపోవడానికి మనం మొదటి రోజు చెప్పిన మాటే కారణం.

నా దృష్టిలో ఇంతకన్నా పనికొచ్చే అంకె ఏడో రోజుది. ఏడో రోజుకు కూడా విరేచనాలు ఆగని పిల్లల సంఖ్య జింక్‌తో తగ్గింది. రిస్క్ రేషియో 0.73, ఇంటర్వెల్ 0.61 నుంచి 0.88. 6 ట్రయల్స్, 3,865 మంది, మధ్యస్థ నమ్మకం. రిస్క్ రేషియో ఒక్కటే చూస్తే ఓపీలో దానితో ఏం చేయాలో తెలియదు, అందుకే మీ దగ్గరి పిల్లల లెక్కలోకి మార్చుకోవాలి. ఉదాహరణకు జింక్ లేకుండా మీ దగ్గర 100 మందిలో 10 మందికి ఏడో రోజుకు కూడా ఆగడం లేదనుకోండి. 10ని 0.73తో గుణిస్తే 7.3. అంటే 100 మందికి వేస్తే సుమారు ముగ్గురికి లాభం. ఒక్కరిని తప్పించడానికి దాదాపు 37 మందికి వేయాలి. అదే మీ మండలంలో 20 మందికి ఆగకపోతే, లాభం అయిదుగురికి పైనే, 19 మందికి వేస్తే ఒకరు. రేషియో మారలేదు. మారింది మీరు మొదలుపెట్టిన అంకె. పోషకాహారం బాగున్న ఊళ్లో ఇదే మందు ఎందుకు తేలిపోయినట్టు కనిపిస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

ఇదే లెక్క వాంతులకూ వేయాలి, కానీ మనలో చాలామంది వేయం. ఆరు నెలలు దాటిన వాళ్లలో వాంతుల రిస్క్ రేషియో 1.57, ఇంటర్వెల్ 1.32 నుంచి 1.86, మధ్యస్థ నమ్మకం. మామూలుగా 100 మందిలో 10 మందికి వాంతులయ్యే చోట జింక్‌తో 16 మందికి అవుతాయి. అంటే ఆరుగురు అదనం. ఒట్టి తలల లెక్కన చూస్తే లాభపడిన వాళ్లకన్నా వాంతి చేసుకున్న వాళ్లే ఎక్కువ. ఈ రెంటినీ ఒకే తూకంలో వేయకూడదనుకోండి. వారం దాటి సాగే విరేచనం పిల్లవాడి బరువును తినేస్తుంది. జింక్ వాంతి ఎక్కువగా డోసు వేసిన కాసేపటికే వచ్చి పోతుంది. కానీ ముందే చెప్పకపోతే ఆ ఒక్క వాంతితోనే తల్లి మందు పక్కన పెట్టేస్తుంది, ఓ.ఆర్.ఎస్. మీద కూడా నమ్మకం పోతుంది. అసలు నష్టం అదే.

రివ్యూలో గట్టి సాక్ష్యం అని చెప్పదగ్గది ఒకటే, అది పోషణ లోపం ఉన్న పిల్లల గురించి. వాళ్లలో విరేచనాలు సుమారు 26 గంటల ముందు ఆగాయి, ఇంటర్వెల్ 16 నుంచి 36 గంటలు. 5 ట్రయల్స్‌లో 419 మందే ఉన్నా, ఫలితాలు ఒకే దిక్కుగా ఉండటంతో రచయితలు దీనికి ఎక్కువ నమ్మకం ఇచ్చారు. కాబట్టి ఓపీ ఎంత రద్దీగా ఉన్నా విరేచనాల పిల్లవాడి చేతికి మూయాక్ టేపు చుట్టకుండా పంపకండి. 11.5 నుంచి 12.5 సెంటీమీటర్ల మధ్య ఉన్న పిల్లవాడికి జింక్ మిగతా అందరికన్నా ఎక్కువ ఉపయోగం, కౌన్సెలింగ్‌కు మీకున్న రెండు నిమిషాలూ ఆ తల్లికే ఇవ్వండి. 11.5 కన్నా తక్కువ ఉంటే సంగతి వేరు, దాని గురించి కింద చెప్తాను. 14 రోజులు దాటి సాగుతున్న విరేచనాల్లో జింక్‌తో సుమారు 16 గంటలు తగ్గింది, అక్కడ నమ్మకం మధ్యస్థం.

ఇక మీ అసలు ప్రశ్న, ఆరు నెలల లోపు పిల్లలు. 2 ట్రయల్స్, 1,334 మంది. జింక్ వేసిన వాళ్లలో విరేచనాలు తగ్గకపోగా సగటున 5 గంటలు ఎక్కువ సాగాయి. కానీ ఇంటర్వెల్ 4 గంటల తగ్గుదల నుంచి 14 గంటల పెరుగుదల దాకా ఉంది కాబట్టి, తేడా లేదనే చదువుకోవాలి. ఏడో రోజుకు ఆగని వాళ్ల లెక్క ఒక ట్రయల్ నుంచే వచ్చింది, 1,074 మంది, రిస్క్ రేషియో 1.24, ఇంటర్వెల్ 0.99 నుంచి 1.54. ఇది చూసి "జింక్ చిన్నపిల్లలకు హాని చేస్తుంది" అనేవాళ్లున్నారు. ఇంటర్వెల్ 1ని తాకుతోంది కాబట్టి అంత మాట అనలేం. "లాభం ఉంది" అని మాత్రం అసలే అనలేం. వాంతులు ఈ వయసులోనూ పెరిగాయి, రిస్క్ రేషియో 1.54. నెలలు నిండి పుట్టి తల్లిపాలు తాగే బిడ్డకు మొదటి నెలల్లో జింక్ కొరత అంతగా ఉండదు, కాబట్టి పైనుంచి వేసినా కలిసొచ్చేది తక్కువ అన్నది ఒక వివరణ. సబబుగానే ఉంది, కానీ అది రివ్యూ నిరూపించిన విషయం కాదు.

అయితే గైడ్‌లైన్ ఇంకో మాట చెప్తోంది. 2004లో డబ్ల్యు.హెచ్.ఓ., యునిసెఫ్ కలిసి ఇచ్చిన ప్రకటనలో ఆరు నెలల లోపు వాళ్లకు రోజుకు 10 మి.గ్రా., ఆ పైన 20 మి.గ్రా., 10 నుంచి 14 రోజులు అని ఉంది. మన ఐ.ఎం.ఎన్.సి.ఐ.లో రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా అర మాత్ర, ఆ పైన ఒక మాత్ర, 14 రోజులు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ప్రోగ్రామ్ ప్రకారం రాయడమే సరి. మీరు మార్చుకోగలిగింది పట్టు. నాలుగు నెలల బిడ్డ అర మాత్ర వేసిన ప్రతిసారీ కక్కుతుంటే, జింక్ ఎలాగైనా వేయాలని తల్లిని నిర్బంధించకండి. ఆ బిడ్డకు కావలసింది రొమ్ము పాలు తరచుగా, ఓ.ఆర్.ఎస్. చెంచాతో, మర్నాడు మళ్లీ చూపించడం. జింక్ ఆపినందువల్ల ఆ బిడ్డకు ఏదో కోల్పోయామన్న సాక్ష్యం ఈ రివ్యూలో లేదు. రెండు నెలల లోపు బిడ్డకైతే జింక్ ప్రస్తావనే వద్దు.

చావుల సంగతి. "జింక్ ప్రాణాలు కాపాడుతుంది" అని ప్రతి ట్రైనింగ్‌లో స్లైడు ఉంటుంది. ఈ రివ్యూ ఆ మాట అనలేదు. చేరిన ట్రయల్స్ చావులనూ అడ్మిషన్లనూ లెక్కించడానికి సరిపోయేంత పెద్దవి కావు, అందుకే ఆ రెండింటికీ చాలా తక్కువ నమ్మకం అని రాశారు. ఆ స్లైడుకు బలమిచ్చిన అధ్యయనాల్లో ముఖ్యమైనది 2002లో బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో వచ్చింది. అక్కడ 3 నుంచి 59 నెలల పిల్లల్లో విరేచనం వచ్చినప్పుడల్లా 14 రోజులు జింక్ ఇచ్చిన ప్రాంతాల్లో, ప్రమాదాలు కాని కారణాల చావులు దాదాపు సగానికి తగ్గాయి. ఇంటర్వెల్ మాత్రం బాగా వెడల్పు, 0.25 నుంచి 0.94. పైగా జింక్ ఇచ్చిన ప్రాంతాల్లో ఓ.ఆర్.ఎస్. వాడకం పెరిగింది, యాంటీబయాటిక్ వాడకం తగ్గింది. చావులు తగ్గడంలో మాత్ర వాటా ఎంత, దానితో పాటు మారిన అలవాట్ల వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. నా మటుకు నేను రెండోదాన్ని చిన్నదనుకోను. మందు చేతికి వచ్చిన తల్లి యాంటీబయాటిక్ కోసం మెడికల్ షాపుకు వెళ్లదు.

రివ్యూ తర్వాత వచ్చినవాటిలో ఒక్కటి తప్పకుండా తెలుసుకోవాలి. 2020లో మన దేశంలోనూ టాంజానియాలోనూ 6 నుంచి 59 నెలల పిల్లలు 4,500 మందిలో 20, 10, 5 మి.గ్రా. డోసులను పోల్చారు. విరేచనాల మీద తక్కువ డోసులు 20 మి.గ్రా. కన్నా తీసిపోలేదు. మందు వేసిన అరగంటలోపు వాంతి 20 మి.గ్రా.తో 19.3 శాతం మందికి, 10తో 15.6, 5తో 13.7 శాతం మందికి అయింది. వాంతి డోసును బట్టి పెరుగుతుందని దీనితో స్పష్టమైంది. కాబట్టి ఏడాది పిల్లవాడు 20 మి.గ్రా. నిలుపుకోలేకపోతే, పూర్తిగా మానేయించే బదులు అర మాత్రతో కోర్సు కొనసాగించమనడానికి ఇప్పుడు ఆధారం ఉంది.

ఇదంతా ఓపీలో ఎలా ఉంటుందో ఒక పిల్లవాడి మీద చూద్దాం. 14 నెలల బాబు, 7.6 కిలోలు, మూయాక్ 12 సెంటీమీటర్లు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు, రోజుకు ఆరేడు సార్లు, రక్తం లేదు. చిరాగ్గా ఉన్నాడు, నీళ్ల గ్లాసు చూస్తే ఎగబడుతున్నాడు, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్తోంది. అంటే కొంత డీహైడ్రేషన్, ప్లాన్ బి. కిలోకు 75 మి.లీ. చొప్పున 570 మి.లీ. ఓ.ఆర్.ఎస్., నాలుగు గంటల్లో. అయిదు మి.లీ. చెంచా రెండు నిమిషాలకొకటి పడితే లెక్క సరిపోతుంది. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా పట్టాలి. ఈ నాలుగు గంటలూ జింక్ జోలికి వెళ్లకండి. ఇప్పుడు వేసి వాంతయితే అది జింక్ వల్లో జబ్బు వల్లో మీకూ తెలియదు, ఓ.ఆర్.ఎస్. కూడా బయటికి పోతుంది. నాలుగు గంటల తర్వాత మళ్లీ చూసి, డీహైడ్రేషన్ పోయి పిల్లవాడు తినడం మొదలుపెట్టాక మొదటి మాత్ర మీ ముందే వేయించండి.

మీ ముందే అని ఊరికే అనలేదు. 20 మి.గ్రా. మాత్ర నీళ్లలో కరిగేది. చెంచాలో మాత్ర పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు గానీ తల్లిపాలు గానీ కొంచెం పోసి, నిమిషం ఆగితే దానంతట అదే విడిపోతుంది. చెంచా మొత్తం ఒకేసారి తాగించి, అడుగున మిగిలిన పొడికి ఇంకాస్త నీళ్లు పోసి అది కూడా పట్టాలి. అరగంటలోపు కక్కేస్తే ఇంకోటి వేయాలి. తల్లి ఒకసారి చేసి చూపిస్తే ఇంటికెళ్లాక తప్పు జరగదు. తర్వాత ఆమెకు ఈ మాటలు చాలు: "అమ్మా, ఈ రోజే ఆగవు. రెండు మూడు రోజులు పడుతుంది. మందు వేశాక ఒకసారి కక్కొచ్చు, భయపడకు. విరేచనాలు ఆగినా పద్నాలుగు మాత్రలూ అయిపోవాలి." విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. ఓ.ఆర్.ఎస్., తిండి ఆపకూడదు, రక్తం పడినా తాగడం మానేసినా వెంటనే రావాలి. ఈ బాబుకు పోషణ తక్కువ కాబట్టి రివ్యూలోని ఒక రోజు లాభం ఇతనికి వర్తిస్తుంది. అంగన్‌వాడీకి పేరు రాసి పంపడం కూడా అదే చీటీలో అయిపోవాలి.

తప్పులు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయంటే, ఒకటి సిరప్ లేబుల్ దగ్గర. 20 మి.గ్రా. అంటే శుద్ధమైన జింక్ లెక్క, ఉప్పు బరువు కాదు. జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ అయితే దాదాపు 55 మి.గ్రా. ఉప్పులో 20 మి.గ్రా. జింక్ ఉంటుంది. లేబుల్‌లో "ఎలిమెంటల్ జింక్" అన్న చోట ఎంతుందో చూసి మి.లీ. రాయండి. బయట దొరికే సీసాలన్నీ ఒకే బలంతో ఉండవు, "రోజుకో చెంచా" అని రాసేస్తే ఒకరికి సగం డోసు పడుతుంది, ఇంకొకరికి రెట్టింపు. రెండోది, మాత్రను లీటరు ఓ.ఆర్.ఎస్.లో కలిపేయడం. పిల్లవాడు లీటరు మొత్తం తాగడు, మిగిలింది పారబోస్తారు, ఎంత జింక్ లోపలికెళ్లిందో ఎవరికీ తెలియదు. మూడోది రక్త విరేచనాలకు జింక్ రాసి పంపేయడం. అక్కడ యాంటీబయాటిక్ కావాలి, జింక్ దానికి బదులు కాదు.

మూయాక్ 11.5 కన్నా తక్కువ ఉన్న పిల్లవాడిని ఎన్.ఆర్.సి.కి పంపినప్పుడు అక్కడ ఎఫ్-75 గానీ ఆర్.యు.టి.ఎఫ్. గానీ డబ్ల్యు.హెచ్.ఓ. ప్రమాణం ప్రకారం తయారైనది ఇస్తుంటే అందులోనే జింక్ ఉంటుంది, మళ్లీ మాత్ర వద్దు. పాలు, పంచదార, నూనెతో అక్కడే కలిపి ఇస్తుంటే మాత్రం ఖనిజాల మిశ్రమం అందులో పడిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పడకపోతే జింక్ విడిగా వేయాలి.

ఇక సాయంత్రం పూట ప్రైవేటు క్లినిక్ చూసేవాళ్లు అడుగుతుంటారు, బాగా తిని బొద్దుగా ఉన్న రెండేళ్ల పిల్లకు కూడా వేయాలా అని. రివ్యూ రచయితల ముగింపు ప్రకారం, పోషణ బాగున్న పిల్లలకూ, జింక్ లోపం తక్కువ ఉన్న ప్రాంతాలకూ ఇప్పటి సాక్ష్యం మద్దతు ఇవ్వడం లేదు. మన దగ్గర బొద్దుగా ఉన్నంత మాత్రాన జింక్ సరిపోయిందని చెప్పలేం కాబట్టి వేస్తే తప్పు పట్టను, కక్కుతోందని తల్లి మానేస్తే వాదించను. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న మనవడికి విరేచనాలని ఫోన్ చేసి "ఇక్కడి నుంచి జింక్ సిరప్ పంపమంటారా" అని అడిగే తాతయ్యలకు మాత్రం వద్దనే చెప్పండి. ఆ పిల్లవాడికి ఓ.ఆర్.ఎస్. చాలు, అది అక్కడా దొరుకుతుంది.